‘మనం’ వస్తున్నామా, ‘మేము’ వస్తున్నామా?

పై చదువులకు దరఖాస్తు పెట్టుకునే మన పాత విద్యార్థులు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. మార్కులు, సర్టిఫికెట్లు, సిఫారసు లేఖలు అన్నీ సిద్ధం చేసుకున్నాక ఒక చోట ఆగిపోతారు. విశ్వవిద్యాలయంలో టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేయాలనుకునేవారిని చాలా చోట్ల ఒక పేరా రాసిమ్మంటారు. దాన్ని ‘టీచింగ్ ఫిలాసఫీ’ అంటారు. బోధన గురించి మీరేమనుకుంటున్నారో, ఎలా బోధిస్తారో మీ మాటల్లో చెప్పమని దాని అర్థం. ‘ఫిలాసఫీ’ అన్న మాట చూడగానే పిల్లలు బెదిరిపోయి ఉపనిషత్తుల దగ్గర మొదలుపెడతారు. నా అభిప్రాయంలో ఆ పేరా మొదలవ్వాల్సింది ఒక పిల్లవాడు నోట్‌బుక్‌లో రాసిన తప్పు వాక్యం దగ్గర. ఎందుకో ఒక నిజమైన పేరాతోనే చెబుతాను.

టీచింగ్ అసిస్టెంట్ అంటే ఏమిటో ముందు రెండు మాటలు. అమెరికాలాంటి చోట్ల పెద్ద తరగతులకు ప్రొఫెసర్‌తో పాటు ఒక సహాయకుడు ఉంటాడు. పాఠ్యప్రణాళిక ప్రొఫెసర్‌ది. చిన్న చిన్న బృందాలతో అభ్యాసం చేయించడం, హోంవర్క్ దిద్దడం, సందేహాలు తీర్చడం సహాయకుడి పని. అందుకు ప్రతిఫలంగా చాలా చోట్ల ఫీజులో మినహాయింపు, నెలనెలా కొంత భత్యం దొరుకుతాయి. విద్యార్థి వీసా మీద వెళ్లినవారు సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. ఫీజు కట్టుకోలేని ఇంటి పిల్లలకు ఈ కొలువు దొరకడం, దొరకకపోవడం అంటే చదువు సాగడం, ఆగడం అన్నమాటే.

తెలుగుకు కూడా అక్కడ అలాంటి తరగతులున్నాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. అలాంటి తరగతుల్లో సాధారణంగా రెండు రకాల విద్యార్థులు కూర్చుంటారు. తెలుగు ఇళ్లలో పుట్టి, అమ్మ మాట్లాడితే అర్థం చేసుకుంటూ, చదవడం రాయడం రాని పిల్లలు ఒక రకం. తెలుగు అసలు వినకుండా, పరిశోధన కోసం నేర్చుకోవడానికి వచ్చినవారు రెండో రకం. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

నా పాత విద్యార్థిని ఒకామె ఎం.ఏ. తెలుగు చేసింది. ఆమె అలాంటి కొలువుకు దరఖాస్తు పెడుతూ తన పేరా నాకు పంపింది. దరఖాస్తు ఇంగ్లీషులోనే పెట్టాలి. ఇక్కడ మీ కోసం దాని సారాన్ని తెలుగులో ఇస్తున్నాను.

“బోధన పవిత్రమైన వృత్తి అని నా విశ్వాసం. ప్రతి విద్యార్థిలోనూ ఏదో ఒక ప్రత్యేకత ఉంటుంది. ఉపాధ్యాయుడు దాన్ని వెలికితీయాలి. విద్యార్థి కేంద్రంగా, ఆటపాటలతో, ఆధునిక సాంకేతికత సాయంతో, భయం లేని వాతావరణంలో పాఠం చెప్పాలన్నది నా దృక్పథం. నేర్పుతూ నేర్చుకోవడమే నా మార్గం.”

ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. చిక్కల్లా అక్కడే ఉంది. ఈ పేరాలో ‘తెలుగు’ అన్న మాటే లేదు. దీన్ని లెక్కల మాస్టారు రాయొచ్చు, ఈత నేర్పే కోచ్ రాయొచ్చు, ఇంతవరకూ ఒక్క రోజు కూడా క్లాసుకు వెళ్లనివారూ రాయొచ్చు. దరఖాస్తులు చదివేవారి ముందు ఇలాంటివి ఒక కట్ట ఉంటాయి. ఆ కట్టలోంచి ఈమెను ఏ వాక్యం చూసి పక్కకు తీయాలి?

“నువ్వు ఎక్కడా పాఠం చెప్పలేదా?” అని అడిగాను. చెప్పిందట. ఇక్కడే, సూరత్‌లో, లింబాయత్‌లో రెండేళ్లు. ఆ సంగతి ఎందుకు రాయలేదంటే, “అది బడి కూడా కాదు మేడం. సాయంత్రం పూట ఒక గదిలో పదకొండు మంది పిల్లలు. అమెరికా వాళ్లకు అది రాస్తే చిన్నతనంగా ఉండదా?” అంది.

నాకు కోపం వచ్చిందనే చెప్పాలి. మీలో చాలామందికి లింబాయత్ అంటే స్టేషన్ అవతలి వైపున్న ఒక పేట మాత్రమే. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. మగ్గం వదిలి పవర్‌లూమ్ మీదకు వచ్చినవారు, వారి పిల్లలు, ఇప్పుడు వారి మనవలు. సూరత్ మున్సిపాలిటీ వారి ప్రాథమిక బడులు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా నడుస్తున్నాయంటే ఆ కుటుంబాల వల్లే. ఈ అమ్మాయి క్లాసుకు వచ్చిన పదకొండు మందిలో కొందరు ఆ తెలుగు బడి పిల్లలు. కొందరు గుజరాతీ మీడియం, కొందరు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరొకటి. అమ్మ మాట అర్థమవుతుంది కానీ రాయడం రాదు. అమెరికా తరగతిలో కూర్చునే మొదటి రకం విద్యార్థి వీళ్లకంటే ఎంత వేరు? ఆ కొలువుకు కావలసిన అనుభవం సరిగ్గా ఇదే. దాన్ని దాచేసి ‘పవిత్రమైన వృత్తి’ అని రాసింది.

“ఆ క్లాసులో నీకు బాగా గుర్తున్న తప్పు ఒకటి చెప్పు” అన్నాను. వెంటనే చెప్పింది.

ఏడో తరగతి పిల్లవాడు. దీపావళికి సూరత్‌లో మగ్గాలు ఆగుతాయి, చాలా కుటుంబాలు సొంత ఊళ్లకు వెళ్తాయి. ఆ సందర్భంగా అమ్మమ్మకు ఉత్తరం రాయమంటే వాడు ఇలా రాశాడు: “అమ్మమ్మా, మనం దీపావళికి మీ ఊరు వస్తున్నాం.” ఉత్తరం పోస్టు చేయకముందే ఇంట్లో ఎవరో ఫోనులో అమ్మమ్మకు చదివి వినిపించారు. ఆవిడ, “నా ఊరికి నేను రావడమేమిట్రా, నేనిక్కడే ఉన్నాను కదా!” అందట.

మీకు నవ్వొస్తే తెలుగు మీకు వచ్చినట్టే. ‘మనం’ అంటే వింటున్నవారు కూడా మాట్లాడేవారితో కలిసి ఉన్నట్టు. ‘మేము’ అంటే వింటున్నవారు బయట ఉన్నట్టు. హిందీలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. ఇంగ్లీషులోనూ ఒక్కటే. వీధిలో హిందీ, సెల్‌ఫోనులో ఇంగ్లీషు వినే పిల్లవాడికి ఈ తేడా పట్టకపోవడంలో వింత లేదు.

వింత మరొకటి ఉంది. ఏడో తరగతి దాకా ఇంట్లో ఎవరూ ఈ తప్పు పట్టుకోలేదు. కారణం మన క్రియల్లో ఉంది. ‘మేము వస్తున్నాం’, ‘మనం వస్తున్నాం’ రెండింటికీ క్రియ ఒకటే. పైగా మాట్లాడేటప్పుడు మనం ఆ ముందు మాటను తరచుగా వదిలేస్తాం. “రేపు ఊరికి వెళ్తున్నాం” అంటే సరిపోతుంది, ఎవరెవరో సందర్భం చెబుతుంది. కాబట్టి మాటల్లో ఈ తప్పు దాక్కుంటుంది, రాతలో బయటపడుతుంది. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయురాలు ‘పిల్లవాడు బాగానే మాట్లాడుతున్నాడు కదా’ అని ఊరుకోదు, ఒక ఉత్తరం రాయిస్తుంది. ఏదైనా ఒక మనిషిని ఉద్దేశించి రాసే రాత కావాలి. ‘ఆవు’ మీద వ్యాసం రాయిస్తే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు.

తర్వాత ఆ అమ్మాయి ఏం చేసింది? మొదట అందరూ చేసేదే చేసింది. ‘మనం’ కొట్టేసి ఎర్ర పెన్నుతో ‘మేము’ అని రాసింది. పిల్లవాడు బుద్ధిగా దిద్దుకున్నాడు. మర్నాడు క్లాసులోకి వస్తూనే, “టీచర్, మేము ఈరోజు ఏ పాఠం చదువుకుందాం?” అన్నాడు. ఇప్పుడు టీచర్ బయటకు వెళ్లిపోయింది! ఎర్ర పెన్ను ‘మనం తప్పు, మేము ఒప్పు’ అని నేర్పింది, ఎప్పుడు ఏది అన్నది నేర్పలేదు. దిద్దుబాటు సరిగా అందలేదనడానికి ఇది మంచి గుర్తు. పాత తప్పు పోయి దాని అద్దంలో బొమ్మ లాంటి కొత్త తప్పు వస్తుంది. నేను పనిచేసిన ప్రతి ఊరిలోనూ దీన్ని చూశాను.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆ పిల్లవాడు చదివేది గుజరాతీ మీడియంలో. “మీ గుజరాతీ టీచర్‌తో ఇదే మాట ఎలా అంటావు? ‘అమే’ అంటావా, ‘ఆపణే’ అంటావా?” అని అడిగింది. వాడు క్షణం ఆలోచించకుండా “ఆపణే” అన్నాడు. “మరి అమ్మమ్మకు ఊరొస్తున్నామని గుజరాతీలో చెప్పాలంటే?” “అమే.” అంతే. తేడా వాడికి ఎప్పటినుంచో తెలుసు, తెలుగు మాటలకు దాన్ని జతచేయడమే తెలియదు. గుజరాతీలో ‘అమే’ మన ‘మేము’, ‘ఆపణే’ మన ‘మనం’. మరాఠీలో కూడా ‘ఆమ్హీ’, ‘ఆపణ్’ అని ఇలాంటి జంటే ఉంది. ద్రావిడ భాషల సావాసం వల్ల ఈ తేడా ఆ భాషల్లోకి వచ్చి ఉంటుందని భాషా శాస్త్రవేత్తలు అంటారు. తమాషా ఏమిటంటే మన పక్కింటి కన్నడంలో మాత్రం ఇప్పుడు ‘నావు’ ఒక్కటే మిగిలింది. బెంగళూరు నుంచి బదిలీ మీద వచ్చిన పిల్లలకంటే సూరత్‌లో పెరిగిన పిల్లలకు ఈ పాఠం సులువు!

ఇక్కడితో ఆపితే కథ చక్కగా ఉంటుంది. చాలామంది తమ పేరాలో ఇక్కడే ఆపుతారు. ‘మాతృభాషేతర భాషల సాయంతో బోధించాను, పిల్లలు విజయం సాధించారు’ అని ముగిస్తారు. కానీ ఆ క్లాసు ఇక్కడ ఆగలేదు, నాకు ఆసక్తి కలిగింది కూడా ఆ తర్వాతి భాగమే.

బల్ల చివర ఒక అమ్మాయి కూర్చునేది. హిందీ మీడియంలో చదివి ఆ ఏడే సూరత్‌కు వచ్చిన పిల్ల. ఆమెకు ‘అమే’ రాదు, ‘ఆపణే’ రాదు. మిగతా పిల్లలంతా “ఓహో!” అంటుంటే ఆమె మొహం ఇంకా చిన్నబోయింది. కొత్త ఊళ్లో కొత్త క్లాసులో కూర్చున్న మీకు ఆ మొహం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. పదిమందికి దారి చూపిన వంతెన పదకొండో పిల్లకు గోడ అయింది.

ఆమె కోసం మా అమ్మాయి నేల మీద సుద్దముక్కతో ఒక గుండ్రం గీసింది. నలుగురు పిల్లల్ని పిలిచింది. మాట్లాడేవాడు గుండ్రంలో నిలబడాలి. వాడి చేతికి ఒక చీటీ ఇచ్చింది: “రేపు డుమాస్ బీచికి వెళ్తున్నాం.” ఎవరెవరు వెళ్తున్నారో వాళ్లను గుండ్రంలోకి లాగాలి. తర్వాత వింటున్నవాడు గుండ్రంలో ఉన్నాడా, బయట ఉన్నాడా చూసి, వాక్యం ముందు ‘మనం’ గానీ ‘మేము’ గానీ చేర్చి చెప్పాలి. వింటున్నవాడు లోపలుంటే ‘మనం’, బయటుంటే ‘మేము’. మూడో చీటీకి ఆ పిల్ల తనే ముందుకొచ్చి, “టీచర్, మీరు కూడా లోపలికి రండి, మనం వెళ్తున్నాం” అందట. ఏ భాషా సాయం లేకుండా.

ఈ రెండు పద్ధతులు కాక మూడోది ఒకటి నేను గుర్తుచేశాను. అది మన భాషలోనే ఉంది. ‘వెళ్దాం’, ‘తిందాం’, ‘ఆడుకుందాం’ అన్న రూపాలు ‘మనం’తోనే వస్తాయి, ‘మేము’తో రావు. ‘మేము వెళ్దాం’ అనడానికి తెలుగువాడి నోరు తిరగదు. ఇందాక మన పిల్లవాడు ‘మేము చదువుకుందాం’ అన్నప్పుడు మీ చెవికి ఎబ్బెట్టుగా తగిలింది అందుకే. తెలుగింట్లో పుట్టిన పిల్లలు ఏ దేశంలో ఉన్నా ‘పద, వెళ్దాం’, ‘రా, తిందాం’ అని అమ్మ నోట రోజూ వింటారు. ఆ చెవిని ఆసరా చేసుకోవచ్చు. ‘పద’ అని పిలవగలిగిన చోట ‘మనం’, పిలవలేని చోట ‘మేము’. అమెరికా తరగతిలో గుజరాతీ తెలిసినవారు అరుదుగా ఉంటారు. సూరత్‌లో పనిచేసిన వంతెన అక్కడ లేదు. అక్కడ మొదటి రకం విద్యార్థులకు ‘పద, వెళ్దాం’, రెండో రకం వారికి సుద్దగీత గుండ్రం.

బదిలీల మీద తిరిగే ఉపాధ్యాయులకు ఇది బాగా తెలిసిన విషయం. ఊరు మారితే పిల్లలు తెచ్చుకునే భాష మారుతుంది, తప్పు మాత్రం అదే ఉంటుంది. దరఖాస్తు చదివేవారికి కూడా తెలుసుకోవాలని ఉండేది ఇదే: అక్కడ చేసింది సరే, ఇక్కడికొచ్చి ఏం చేస్తావు?

మరి పిల్లలకు నిజంగా వచ్చిందని ఎలా తెలుసు? పాఠం చెప్పిన మర్నాడే పరీక్ష పెడితే అందరూ సరిగానే రాస్తారు. అది జ్ఞాపకం మాత్రమే. ఆమె రెండు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత ముందుగా చెప్పకుండా మరో ఉత్తరం రాయించింది, ఈసారి ఊళ్లో ఉన్న మేనత్తకు. ‘మనం, మేము’ గురించి ఒక్క మాటా చెప్పలేదు. పదకొండు మందిలో ఎనిమిది మంది సరిగా రాశారు. ఇద్దరు అసలు ఆ మాటలే వాడకుండా తప్పించుకున్నారు. అది కూడా ఒక సమాచారమే, వాళ్లకు ఇంకా ధైర్యం చాలలేదన్నమాట. మిగిలిన ఒకడు ‘మేము’ సరిగా రాసి మరో చోట బోల్తాపడ్డాడు. “నా అమ్మకు ఒంట్లో బాగాలేదు” అని రాశాడు.

ఇది గుజరాతీ వంతెన దించిన చోటు. గుజరాతీలో ‘మారీ మమ్మీ’ అంటారు, అంటే ‘నా’. హిందీలో ‘మేరీ’. తెలుగులో ఒక్కగానొక్క కొడుకైనా సరే రోజువారీ మాటల్లో ‘మా అమ్మ’ అంటాడు. పెన్ను ‘నా పెన్ను’, చెయ్యి ‘నా చెయ్యి’, కానీ అమ్మ, ఇల్లు, ఊరు ‘మా’. ఈ ఆచారం ‘అమే’లో దొరకదు. దీనికి సూత్రం కంటే వినికిడి ముఖ్యం. కాబట్టి పై భాషల సాయం ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ ఆగుతుందో కూడా ఆ ఒక్క నోట్‌బుక్కే చెప్పింది.

ఒక పక్క మాట. అదే కట్టలో ఇంకో పిల్ల “మేం రేపు పోతున్నం” అని రాసింది. ఆమె దాన్ని దిద్దకుండా వదిలేసింది, మంచి పని చేసింది. అది తప్పు కాదు, తెలంగాణ ఇంటి తెలుగు. పుస్తకంలో ‘వెళ్తున్నాం’ అని ఉంటుందని పక్కన రాసి చూపించవచ్చు గానీ దాన్ని కొట్టేయకూడదు. ‘మనం’, ‘మేము’ తారుమారైతే అర్థం మారుతుంది, అమ్మమ్మకు అయోమయం. ‘పోతున్నం’ అంటే ఏ అమ్మమ్మకూ అయోమయం ఉండదు. రెండింటికీ ఒకే ఎర్ర గీత పెట్టే ఉపాధ్యాయులను నేను చూశాను. ఆ తర్వాత ఆ పిల్లలు క్లాసులో నోరు విప్పడం కూడా చూడలేదు. విదేశాల్లో తెలుగిళ్ల పిల్లలు రకరకాల ప్రాంతాల తెలుగుతో వస్తారు. ఎవరి ఇంటి మాట తప్పు అని మొదటి వారంలోనే చెప్పే సహాయకుణ్ని ఏ ప్రొఫెసరూ కోరుకోడు.

ఇదంతా విన్నాక పేరా మళ్లీ రాయమన్నాను. రెండు మూడు సార్లు తిరగరాసింది. చివరికి పంపినదాని తెలుగు ఇది:

“తెలుగులో ‘మనం’ అంటే వినేవారితో కలిసిన మేము, ‘మేము’ అంటే వినేవారు లేని మేము. సూరత్‌లోని నేత కార్మికుల పిల్లలకు రెండేళ్లు సాయంత్రం తరగతులు చెప్పినప్పుడు, ఒక విద్యార్థి తన అమ్మమ్మకు ‘మనం మీ ఊరు వస్తున్నాం’ అని రాశాడు. నేను మాట దిద్దితే మర్నాడు ‘మేము’ను తప్పు చోట వాడాడు. అతనికి గుజరాతీలో ఇదే తేడా తెలుసని గమనించి అక్కడి నుంచి మొదలుపెడితే వెంటనే అర్థమైంది. కానీ గుజరాతీ రాని విద్యార్థినికి అది అడ్డమైంది. ఆమె కోసం నేల మీద గుండ్రం గీసి, ఎవరు లోపల, ఎవరు బయట అని ఆడించాను. రెండు వారాల తర్వాత ముందుగా చెప్పకుండా రాయించిన ఉత్తరంలో పదకొండు మందిలో ఎనిమిది మంది సరిగా రాశారు. ఇద్దరు ఆ మాటలను తప్పించుకున్నారు. ‘మా అమ్మ’ లాంటి వాడుక మాత్రం ఈ పద్ధతితో రాలేదు. అందుకే విద్యార్థికి ఇదివరకే ఏం తెలుసో కనుక్కున్నాకే దిద్దాలని నేననుకుంటున్నాను. మీ తరగతిలో తెలుగిళ్ల నుంచి వచ్చినవారికి వారు ఇంట్లో వినే ‘వెళ్దాం’ అన్న రూపం నుంచి, కొత్తగా నేర్చుకునేవారికి గుండ్రం ఆట నుంచి మొదలుపెట్టి, ప్రొఫెసర్ నిర్ణయించిన పాఠానికి తోడుగా అభ్యాసాలు తయారుచేస్తాను.”

మొదటి పేరాలో మొదటి వాక్యంగా ఉన్న నమ్మకం ఇక్కడ చివరి నుంచి రెండో వాక్యం అయింది. అప్పటికి చదివేవారు దాన్ని నమ్మడానికి ఎనిమిది వాక్యాల ఆధారం చూసి ఉంటారు. తెలుగు రాని ప్రొఫెసర్ కూడా చదవవచ్చు కాబట్టి ‘మనం’, ‘మేము’ అర్థాలు మొదటి వాక్యంలోనే చెప్పేసింది. ‘ఎనిమిది మంది’ అన్నది నాకు బాగా నచ్చింది. మొదట ఆమె ‘అందరూ’ అని రాసింది. అందరూ అంటే ఎవరూ నమ్మరు, అది నిజమూ కాదు. ‘ప్రొఫెసర్ నిర్ణయించిన పాఠానికి తోడుగా’ అన్న మాట నేనే పట్టుబట్టి పెట్టించాను. సహాయకుడి కొలువుకు దరఖాస్తు పెడుతూ, తరగతంతా తనదే అన్నట్టు రాసేవారు చాలామంది ఉన్నారు.

ఇలా రాస్తే పిల్లల తప్పులను మనం వాడుకున్నట్టు కాదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే ఇలాంటి పేరాల్లో ఉండేది మీరే. పేరు, వీధి, బడి రాయకూడదు. తప్పు కంటే ఆ తప్పు వెనక పిల్లవాడి తెలివి కనబడాలి. పై పేరాలో పిల్లవాడు గుజరాతీ తెలిసినవాడుగా కనిపిస్తాడు, తెలుగు రానివాడుగా కాదు. ఆమె ఇంకో అడుగు వేసింది. ఆ పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడి దగ్గరికి వెళ్లి, “నీ ఉత్తరం సంగతి రాసుకోనా?” అని అడిగింది. “రాసుకోండి అక్కా, కానీ ఇప్పుడు కరెక్టుగా రాస్తున్నానని కూడా రాయండి” అన్నాడట. “అయితే ఒకటి రాసి చూపించు” అని అక్కడికక్కడే కాగితం ఇచ్చింది. “అమ్మమ్మా, మేము వచ్చాక మనం కలిసి జాతరకు పోదాం” అని రాశాడు. మూడు మాటలూ సరైన చోట్లలో ఉన్నాయి.

పదకొండు, పన్నెండు తరగతుల వారికి ఒక పని చెబుతాను. మీలో చాలామంది నాలుగైదు రాష్ట్రాల్లో చదివారు. ఒకే పాఠాన్ని వేర్వేరు ఊళ్లలో వేర్వేరు టీచర్లు చెప్పగా విన్నారు. కింది తరగతి పిల్లలకు మెట్ల మీద కూర్చుని లెక్కలు చెప్పినవాళ్లూ ఉన్నారు. అలా చెప్పినప్పుడు అవతలివాడు వేసిన తప్పు అడుగు ఏమిటో, మీరేం చెబితే మళ్లీ తప్పాడో, ఏం చెబితే పట్టుకున్నాడో ఆ సాయంత్రమే తేదీ వేసి నోట్‌బుక్‌లో నాలుగు వరసలు రాసిపెట్టుకోండి. వాడి మాటలు వాడు అన్నట్టే రాయండి. ఆరేళ్ల తర్వాత దరఖాస్తు ముందు కూర్చుంటే సారాంశం గుర్తుంటుంది గానీ వాక్యం గుర్తుండదు. మా అమ్మాయి దగ్గర ఆ ఉత్తరాల కట్ట ఇంకా ఉండబట్టి ‘అందరూ’ అన్నది ‘ఎనిమిది మంది’ అయింది.

దరఖాస్తు వెళ్లింది. ఇంటర్వ్యూకు పిలుపు వస్తే ఏం అడుగుతారో ఊహించి ఇద్దరం కూర్చుని ప్రశ్నలు రాసుకుంటున్నాం. ‘మా అమ్మ, నా పెన్ను’ సంగతి ఇంగ్లీషు మాత్రమే వచ్చిన విద్యార్థికి ఎలా చెబుతావన్న ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా ఇంకా సంతృప్తికరమైన జవాబు లేదు. కృష్ణమూర్తి, గ్విన్ గార్లు 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఆమె మళ్లీ ముందేసుకుని కూర్చుంది. మీలో ఎవరికైనా మంచి ఆట తోస్తే స్టాఫ్ రూముకు వచ్చి చెప్పండి. పేరు రాయకుండా వాడుకుంటాం, అడిగే వాడుకుంటాం.